సెలవుల్లో ఖాళీగా ఉండే బెడ్డు ఖర్చు ఎవరిది?

*నమస్కారమండీ. మాది భీమవరం. దగ్గర్లోనే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. మావారు రిటైరయ్యాక బ్యాంకు లోను తీసుకుని పై రెండు అంతస్తుల్లో ఆరు గదులు, బాత్రూములు కట్టించాం. రెండేళ్లుగా ఆడపిల్లలకు పీజీ నడుపుతున్నాను. గదికి ముగ్గురు, మొత్తం 18 మంది. భోజనంతో కలిపి నెలకు 6,500. నెలనెలా ఎంతో కొంత మిగులుతున్నట్టే ఉంటుంది, మే, జూన్ వచ్చేసరికి ఇల్లంతా ఖాళీ. జీతాలు, లోను వాయిదా మాత్రం ఆగవు. సెలవులకు డబ్బు అడిగితే లేని రోజులకు ఎందుకివ్వాలని తల్లిదండ్రులు గొడవ. వండింది మిగిలిపోతోంది. గేటు టైము దగ్గర రోజూ పేచీ. భోజనం మానేసి ఒట్టి గదులు ఇస్తే నయమా? – ఒక పాఠకురాలు*

భోజనం మానకండి. ఆడపిల్లను వేరే ఊళ్లో దింపడానికి వచ్చిన తల్లి ముందు వంటగది చూస్తుంది, తర్వాత బాత్రూము, ఆ తర్వాతే గది. భోజనం తీసేస్తే పిల్లలు గదుల్లో కెటిలు, ఇండక్షన్ స్టవ్ పెట్టుకుంటారు. కరెంటు బిల్లు మీదే, చీమలు, బొద్దింకలు కూడా మీవే. కాకినాడలో నేను పన్నెండేళ్లు 22 బెడ్ల పీజీ నడిపాను. అందులో ఒక ఏడాది మీలాగే విసుగొచ్చి మెస్ ఆపేశాను. ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్లు నలుగురే.

మీ సమస్య వంటలో లేదు, లెక్క వేసుకునే పద్ధతిలో ఉంది. నెలనెలా చూసుకుంటున్నారు. కాలేజీ పక్కన పీజీకి సంవత్సరం లెక్కే లెక్క, ఆ సంవత్సరానికి పది నెలలే. మీరు ఖర్చుల వివరం రాయలేదు కాబట్టి, మీ సైజు పీజీకి సుమారుగా ఎంతవుతుందో నేనే వేసి చూపిస్తాను. మీ అంకెలు పక్కన పెట్టుకుని సరిచేసుకోండి.

పిల్లలు తిన్నా తినకపోయినా అయ్యే ఖర్చు ముందు చూద్దాం. వంటమనిషికి 14,000, సాయం చేసే అమ్మాయికి 8,000, కరెంటు, ఇంటర్నెట్, తాగే నీళ్ల డబ్బాలు కలిపి 12,500, చిల్లర రిపేర్లకు 4,500, లోను వాయిదా 20,000. మొత్తం 59,000. ఇక తిండి ఖర్చు. టిఫిను, కాలేజీ బాక్సు, రాత్రి భోజనం, పాలు, టీ, గ్యాసు అన్నీ కలిపి మనిషికి రోజుకు 90 రూపాయలనుకుందాం. 18 మందికి నెలకు 48,600. రెండూ కలిపితే 1,07,600. మీకు వచ్చేది 1,17,000. అంటే 9,400 మిగిలింది. మీకు నెలనెలా కనిపిస్తున్న 'ఎంతో కొంత' ఇదే. పది నెలలకు 94,000.

ఇప్పుడు మే, జూన్ కలపండి. పిల్లలు లేరు కాబట్టి తిండి ఖర్చు లేదు, కరెంటు, నీళ్ల ఖర్చు 3,000కు తగ్గుతుంది. మిగతావన్నీ అలాగే ఉంటాయి. నెలకు 49,500 చొప్పున రెండు నెలలకు 99,000. పది నెలల మిగులు 94,000 పోయి, ఇంకో 5,000 మీరే ఎదురు పెట్టుకున్నారు. ఏడాది పొడవునా పొద్దున్న ఐదింటికి లేచి చేసిన చాకిరీకి ఫలితం ఇది. ఇందులో మీ జీతం లేదు, ఆ గదుల్ని మామూలు కుటుంబాలకు ఇస్తే వచ్చే అద్దె లేదు. పైగా ఏడాదంతా 18 మందీ నిండుగా ఉన్నారని కూడా అనుకున్నాం. అలా ఎవరికీ ఉండదు.

ఎందుకుండదో మీరే చూసి ఉంటారు. మొదటి సంవత్సరం పిల్లలు జూన్‌లో రారు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయి సీటు వచ్చి చేరేసరికి ఆగస్టో సెప్టెంబరో అవుతుంది. నాలుగో సంవత్సరం వాళ్లతో ఇంకో చిక్కు. ఇప్పుడు చాలా కాలేజీల్లో చివరి సెమిస్టరంతా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్పే. డిసెంబరు పరీక్షలు రాసి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతారు, తర్వాత వైవాకు రెండు రోజులు వస్తారంతే. చదువు మధ్యలో జనవరిలో ఆ బెడ్డుకు మనిషి దొరకదు. అందుకని 18 మందిలో నాలుగో సంవత్సరం వాళ్లు ఐదుగురికి మించకుండా చూసుకోండి. వాళ్లను ఒకే గదిలో వేయకండి కూడా. ముగ్గురూ ఒకేసారి వెళ్తే గది గదే ఖాళీ అవుతుంది. ఖాళీ గదిలో చేరడానికి ఒంటరిగా వచ్చిన అమ్మాయి భయపడుతుంది. ఇద్దరున్న గదిలో మూడో బెడ్డయితే నిండుతుంది.

ఇక రేటు. 6,500 అని ఒకే మాటగా చెప్పడంతోనే గొడవ మొదలవుతోంది. తల్లిదండ్రుల దృష్టిలో ఆ 6,500 అన్నం డబ్బు. అమ్మాయి ఇంటికొచ్చి తింటున్నప్పుడు మీకెందుకివ్వాలని అడగడంలో తప్పేమీ లేదు. అదే గది అద్దె ఇంత, మెస్ ఇంత అని విడదీసి రసీదు మీద రాస్తే, లేని రోజులకు మెస్ డబ్బు వద్దనడం మీకు సులువు, గది డబ్బు ఇవ్వడం వాళ్లకు సులువు.

గది అద్దె ఎంత పెట్టాలో తెలియాలంటే ఏడాది స్థిర ఖర్చును పది నెలలకు సర్దాలి. మీది పది నెలలకు 5,90,000, సెలవులకు 99,000, మొత్తం 6,89,000. సగటున 17 బెడ్లు నిండుతాయనుకుంటే, పది నెలలకు భాగిస్తే బెడ్డుకు నెలకు దాదాపు 4,050 వస్తుంది. అది నష్టం లేని రేటు, లాభం లేని రేటు కూడా. 4,200 పెట్టండి. మెస్ 2,900. మొత్తం 7,100. పక్క పీజీల రేటుకు మరీ దూరం కాకుండా ఉండాలి కాబట్టి, రేటు ఖాయం చేసేముందు ఆ చుట్టుపక్కల మూడు నాలుగు చోట్ల అడిగి చూడండి. ఇప్పుడున్న పిల్లలకు ఒక్కసారిగా ఆరొందలు పెంచకండి. ఈ సెమిస్టరుకు పాత రేటే ఉంచి, వచ్చే సెమిస్టరు నుంచి మార్చండి. కొత్తగా చేరేవాళ్లకు మొదటి రోజు నుంచే కొత్త రేటు.

సెలవులకు ఏం తీసుకోవాలి? నేను చేసింది చెబుతాను. వేసవి సెలవుల్లో బెడ్డు ఉంచుకుంటామన్నవాళ్ల దగ్గర గది అద్దెలో సగం, మీ లెక్కలో నెలకు 2,100, మెస్ అసలు లేదు. ఉంచుకోం అన్నవాళ్లు సామాను మొత్తం తీసుకుని, అడ్వాన్సు లెక్క తేల్చుకుని ఖాళీ చేయాలి. కాలేజీ తెరిచాక రావచ్చు, బెడ్డు ఉంటే అదే రేటుకు ఇస్తాం, అదే గది దొరుకుతుందని మాత్రం మాట ఇవ్వం. రెండిట్లో ఏదైనా వాళ్లిష్టం. బలవంతం లేదని తెలిసినప్పుడు గొడవ చాలావరకు తగ్గిపోతుంది. నా 22 మందిలో పదమూడు పద్నాలుగు మంది ఉంచుకునేవాళ్లు. కిటికీ పక్క మంచం, నచ్చిన స్నేహితురాలు ఉన్న గది పోతాయేమోనన్న భయం పిల్లలకు ఉంటుంది. వాళ్లే ఇంట్లో చెప్పి ఒప్పిస్తారు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది, నేనూ చేశాను. మొదటి ఏడాది మొహమాటపడి ఎవరినీ ఏమీ అడగలేదు. తొమ్మిది మంది పిల్లలు ట్రంకు పెట్టెలు, పరుపులు, పుస్తకాల మూటలు గదుల్లోనే వదిలి వెళ్లారు. అవి ఉన్నాయి కాబట్టి వాళ్లు తిరిగొస్తారనుకుని కొత్తవాళ్లను చేర్చుకోలేదు. కాలేజీ తెరిచాక వచ్చింది ముగ్గురే. మిగతా ఆరుగురు స్నేహితులతో కలిసి వేరే చోట చేరి, ఒక ఆదివారం ఆటో తెచ్చుకుని సామాను పట్టుకుపోయారు. ఈలోపు ఒక గదిలో వర్షపు నీరు కారి పుస్తకాలు తడిశాయి. దానికి నేనే డబ్బు కట్టాల్సి వచ్చింది. రెండు నెలలు సామానుకు ఉచితంగా కాపలా కాసి, చివరికి ఎదురు డబ్బు ఇచ్చానన్నమాట. అప్పటి నుంచి ఒకటే పద్ధతి. సగం అద్దె కట్టని సామాను గదిలో ఉండదు. కట్టినవాళ్ల సామాను బీరువాలో తాళం వేసి, నేల మీద ఏదీ లేకుండా ఉంచాలి.

ఈ మాట ఏప్రిల్‌లో చెబితే పని జరగదు. పరీక్షల ముందు చెప్పిన కొత్త షరతు ఎవరికైనా మోసంలాగే కనిపిస్తుంది. చేరే రోజునే ఒక పేజీ కాగితం మీద తెలుగులో రాసి, అమ్మాయీ తల్లో తండ్రో ఇద్దరూ సంతకం చేయాలి. పాత పిల్లలకు ఇప్పుడే చెప్పండి, వచ్చే మే నుంచి ఇలా ఉంటుందని. ఇంకా చాలా నెలలుంది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు, ఊఁ అంటారు. మార్చి చివర్లో తల్లిదండ్రుల ఫోన్లకు మెసేజ్ పెట్టండి: బెడ్డు ఉంచుకుంటారా, ఖాళీ చేస్తారా, ఏప్రిల్ 15 లోపు చెప్పండి. జవాబు రానివాళ్లకు ఫోన్ చేయండి. పిల్లల్ని అడిగితే 'కనుక్కుని చెప్తా ఆంటీ' అంటూనే సెలవులొచ్చేస్తాయి.

అడ్వాన్సు ఒక నెలది చాలు. ఖాళీ చేసే పిల్ల చివరి నెల అద్దె కట్టకుండా అడ్వాన్సులో పట్టుకోండి అంటుంది. ఒప్పుకోకూడదని చాలామంది చెబుతారు. నెల ముందు చెప్పిన పిల్లకు నేను ఒప్పుకునేదాన్ని. పరీక్షల వేళ డబ్బు గురించి ఇద్దరం మొహాలు ముడుచుకునే కంటే అదే నయం. చెప్పకుండా వెళ్లే పిల్ల విషయంలోనే అడ్వాన్సు మీకు అక్కరకొస్తుంది. కొన్ని చోట్ల వెళ్లేటప్పుడు మెయింటెనెన్స్ అని వెయ్యి రూపాయలు కోస్తారు. ఏదైనా విరిగితే దాని ఖరీదు తీసుకోండి గానీ, విరగనిదానికి కోయకండి. వెళ్లే పిల్ల జూనియర్లతో చెప్పే మాటే మీకు వచ్చే ఏడాది బోర్డు.

పండగ సెలవులకు వేరే సూత్రం. దసరాకు, సంక్రాంతికి గది అద్దె తగ్గించనక్కర్లేదు. వరుసగా ఐదు రోజులకు మించి ఊరెళ్తే, ముందు రోజు చెప్పిన పిల్లకు మెస్‌లో రోజుకు 70 తగ్గించండి. మీకు ఆ రోజుకు 90 ఖర్చు తప్పింది కాబట్టి నష్టం లేదు. తొమ్మిది రోజుల దసరాకు 630 రూపాయలు వెనక్కి ఇచ్చినప్పుడు ఆ తల్లి మీ గురించి నలుగురికి చెబుతుంది. శని, ఆదివారాలకు మాత్రం తగ్గింపు పెట్టకండి. మీ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ప్రతి వారం ఇంటికెళ్తారు, ఆ లెక్కలు రాయడానికి మీకు ఇంకో గుమాస్తా కావాలి.

వారాంతాలే మీ వంట మిగిలిపోవడానికి కారణమని నా అనుమానం. మెస్‌లో పారబోసేది చాలావరకు అన్నం, ఇడ్లీ పిండి. అన్నం సంగతి తేలిక. కొలత తెలిస్తే చాలు. కాలేజీకెళ్లే ఆడపిల్లలు మధ్యాహ్నం బాక్సుకు మనిషికి 110, 120 గ్రాముల బియ్యానికి మించి తినరు. 18 మందికి రెండు కిలోలు, ఒక పిడికెడు ఎక్కువ. రాత్రికి ఇంకా తగ్గుతుంది, కిలోన్నర, కిలో ముప్పావు. మీ వంటమనిషి పెళ్లి వంటలు చేసిన చెయ్యి అయితే కళ్లతో చూసి మూడు కిలోలు పోస్తుంది. ఒక డబ్బాకు గీత పెట్టి ఇవ్వండి, పది రోజులు మిగిలింది తూచండి, మీ పిల్లల కొలత మీకే తెలుస్తుంది.

ఇడ్లీ అలా కాదు. శనివారం ఉదయం ఇడ్లీ పెట్టాలంటే శుక్రవారం పొద్దున్నే పప్పు నానబోయాలి. శుక్రవారం సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఏడుగురు బ్యాగులు సర్దుకుని బస్టాండుకు పోతారు. పప్పు నానిపోయింది, ఇంక చేసేదేమీ లేదు. అందుకని శని, ఆదివారాల ఉదయం ఇడ్లీ, గారె పెట్టుకోకండి. ఉప్మా, పూరీ, సేమ్యా, ఏదైనా అప్పటికప్పుడు మనుషుల్ని లెక్కపెట్టి చేసేది పెట్టండి. ఇడ్లీ మంగళ, గురువారాలకు. మిగిలిన పిండి మర్నాడు అట్టు అవుతుంది. ఆదివారం చికెను కూడా పొద్దున్న లెక్క తేలాకే తెప్పించండి. 18 మందికి మూడు కిలోలు పడితే, పది మందికి కిలో ముప్పావు చాలు.

లెక్క ఎలా తేలుతుందంటే, పిల్లల వాట్సాప్ గ్రూపులో రోజూ సాయంత్రం ఆరింటికి పోల్ పెట్టండి. రేపు టిఫిను, బాక్సు, రాత్రి భోజనం, ఎవరికి ఏది వద్దో నొక్కాలి. రాత్రి ఎనిమిది వరకే టైము. నొక్కనివాళ్లకు అన్నీ ఉన్నట్టే. 'కావాలి' అని నొక్కమంటే సగం మంది మరిచిపోతారు, ఆకలితో కూర్చుంటారు, మళ్లీ తిట్లు మీకే. బాక్సులోకి పులుసులు పెట్టకండి, బ్యాగులో కారతాయి, పిల్లలు మూత తీయకుండానే వెనక్కి తెస్తారు. వేపుళ్లు, పప్పు గట్టిగా, పెరుగు చిన్న డబ్బాలో వేరేగా. పులుసు, రసం రాత్రికి.

సంక్రాంతి ముందు ఇంకో జాగ్రత్త. పిల్లలు ఒకేసారి వెళ్లరు, జనవరి 8, 9 నుంచి ఒక్కొక్కరే జారుకుంటారు. ఆ వారంలో కొత్త 26 కిలోల బియ్యం బస్తా విప్పకండి, నూనె డబ్బా తెరవకండి. ఏప్రిల్ మూడో వారం నుంచీ అంతే. వేసవిలో విప్పి ఉన్న బియ్యం జూన్‌కు పురుగు పడుతుంది, కందిపప్పు, రవ్వ అంతకంటే ముందే పడతాయి.

వేసవిలో వంటగది పూర్తిగా మూసేయండి. ఐదారుగురు మిగిలితే వాళ్ల కోసం వంటమనిషిని పెట్టి మూడు పూటలా వండటం కుదరదు. ఒట్టి గది అద్దెకు ఉంచుకుని, అన్నం మీ ఇంట్లో కుక్కర్‌లో పెట్టి, కూరలు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోమనండి. సెలవుల్లో ఉండేది సప్లిమెంటరీ రాసేవాళ్లు, బ్యాంకు పరీక్షల కోచింగ్ వాళ్లు, వాళ్లకు ఇది చాలు.

మరి వంటమనిషి జీతం? ఇక్కడ చాలామంది పిసినారితనం చేసి పెద్ద నష్టం తెచ్చుకుంటారు. మే నెల జీతం ఆపేస్తే ఆమె ఇంకో చోట కుదురుకుంటుంది, కాలేజీ తెరిచే వారంలో మీకు మనిషి దొరకదు. ఆ వారం తిండి బాగాలేకపోతే కొత్త పిల్లలు నెల తిరగకుండా వెళ్లిపోతారు. పూర్తి జీతం ఇవ్వడం కూడా మీ వల్ల కాదు. సగం ఇవ్వండి, వేరే పనికి వెళ్లే స్వేచ్ఛ ఇవ్వండి. వేసవి పెళ్లిళ్ల కాలం, క్యాటరింగ్ వాళ్లకు చేతులు కావాలి, ఆమెకు సగం జీతం పోయినట్టే అనిపించదు. కాలేజీ తెరవడానికి మూడు రోజుల ముందు తిరిగి రావాలన్నదే షరతు. ఈ మాట కూడా ఆమెతో ఇప్పుడే చెప్పండి. సాయం అమ్మాయికీ ఇదే పద్ధతి. దీనితో మీ సెలవు నెల ఖర్చు 49,500 నుంచి 38,500కు దిగుతుంది.

ఇప్పుడు మళ్లీ సంవత్సరం లెక్క వేద్దాం. 17 బెడ్లకు 4,200 చొప్పున పది నెలలు 7,14,000. మెస్‌లో మనిషికి నెలకు 200 మిగులు, 34,000. వేసవిలో పదకొండు మంది బెడ్డు ఉంచుకుంటే రెండు నెలలకు 46,200. మొత్తం 7,94,200. స్థిర ఖర్చు పది నెలలకు 5,90,000, సెలవులకు 77,000, కలిపి 6,67,000. మిగిలేది 1,27,200. నెలకు సర్దితే పదివేల పైచిలుకు. రేటు మార్పు అందరికీ ఒకేసారి వర్తించదు కాబట్టి మొదటి ఏడాది ఇంత రాదు. లోను తీరాక మాత్రం ఆ వాయిదా డబ్బు కూడా మీకే మిగులుతుంది. ఈ అంకెల్లో బాగా కదిలేది నిండిన బెడ్ల సంఖ్య. 17 కాస్తా 15 అయితే గది అద్దెలోనే 84,000 పోతుంది, మిగులులో మూడో వంతు మాత్రమే ఉంటుంది. అందుకే జనవరిలో ఖాళీ అయ్యే బెడ్ల గురించి అంత చెప్పాను.

సెలవుల బెడద ఇంకా తగ్గాలంటే ఒక గది, మెట్లకు దగ్గరగా ఉన్నది, ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకు ఇవ్వండి. బ్యాంకులో, స్కూల్లో, ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు పన్నెండు నెలలూ ఉంటారు. ఒక గదే, అంతకంటే వద్దు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన నర్సు పగలు నిద్రపోవాలి, పరీక్షలైన పిల్లలు పాటలు పెడతారు. రెండూ ఒకే వరండాలో కుదరవు.

గేటు పేచీ గురించి రాశారు. ఎన్ని గంటలకు పెట్టారో చెప్పలేదు. టైము ఎనిమిదిన్నరో తొమ్మిదో, ఏదైనా ఫరవాలేదు. పేచీ వచ్చేది ఒకరికి ఒప్పుకుని ఇంకొకరికి ఒప్పుకోనప్పుడు. ల్యాబు, కాలేజీ ఫంక్షను, రైలు ఆలస్యం, ఇలాంటివి తప్పవు. వాటికి ఒకే దారి పెట్టండి. గేటు టైముకు ముందే తల్లో తండ్రో వాళ్ల నంబరు నుంచి మీకు మెసేజ్ పెట్టాలి. పెడితే తలుపు తీస్తారు, ఏమీ అడగరు. పెట్టకపోతే తలుపు తీస్తారు గానీ వెంటనే ఇంటికి ఫోన్ చేస్తారు. రాత్రిపూట ఆడపిల్లను గేటు బయట నిలబెట్టడం ఎప్పుడూ చేయకండి, ఎంత కోపమొచ్చినా. ఈ పద్ధతిలో అనుమతి ఇచ్చేది ఇంటివాళ్లు, మీరు కాదు. పేచీ వాళ్ల ఇంట్లోనే తేలిపోతుంది. మిగతా నియమాలు మూడు నాలుగు చాలు: గదిలో పొయ్యి, హీటర్ కాయిల్ వద్దు, బయటివాళ్లు రాత్రి ఉండకూడదు, ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్పాలి. గోడ మీద ఇరవై నియమాలు అంటించిన పీజీలు చూశాను. చదివినవాళ్లు ఎవరూ కనిపించలేదు. సీసీ కెమెరా గేటు దగ్గర, మెట్ల దగ్గర పెట్టండి, గది తలుపులవైపు తిప్పకండి.

కాగితాల సంగతి మీరు అడగలేదు గానీ, రెండేళ్లలో ఎవరూ రాలేదని ఊరుకోకండి. మెస్ నడుపుతున్నారు కాబట్టి FSSAI రిజిస్ట్రేషన్ కావాలి. వంటకు ఇంటి 14.2 కిలోల ఎర్ర సిలిండరు వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండరే. కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్లి మీ మీటరు ఏ కేటగిరీలో ఉండాలో అడిగి మార్పించుకోండి. ఇంటి మీటరు మీద వ్యాపారం నడుస్తోందని తనిఖీలో తేలితే, విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు రేటుతో వెనకటి బిల్లు వేస్తారు. ఎప్పటి నుంచో తేలకపోతే ఏకంగా పన్నెండు నెలలకు. మీ ఏడాది మిగులు అందులోనే పోతుంది. జీఎస్టీకి భయపడకండి. మనిషికి నెలకు 20,000 లోపు ఉండి, కనీసం వరుసగా 90 రోజులు ఉండే వసతికి 2024లో మినహాయింపు ఇచ్చారు. పిల్లల ఆధార్ కాపీలు, తల్లిదండ్రుల నంబర్లు ఒక ఫైల్లో ఉంచి, జాబితా స్టేషన్లో ఇచ్చి రండి.

చివరిగా ఖాళీ నెలల్లో చేయాల్సిన పని. పిల్లలున్నప్పుడు చేయలేనిది ఒకటుంది, నల్లుల మందు కొట్టించడం. నల్లులు ఊళ్ల నుంచి, రైళ్ల నుంచి, పరుపులతో వస్తాయి. ఒక గదిలో పడితే పదిహేను రోజుల్లో అన్ని గదులకూ పాకుతాయి, ఆ మాట కాలేజీ అంతా పాకడానికి అన్ని రోజులు కూడా పట్టదు. పిల్లలు వెళ్లిన మర్నాడే మంచాలు తిరగేసి, చెక్క అతుకుల్లో, పరుపు కుట్ల వెంట టార్చి వేసి చూడండి. ఆవగింజంత నల్లటి చుక్కలు, చిన్న తెల్లటి పొరలు కనిపిస్తే ఉన్నట్టే. మందు ఒక్కసారి కొట్టిస్తే గుడ్లు చావవు, రెండు వారాలకు మళ్లీ కొట్టించాలి. అందుకే ఇది మేలో మొదలుపెట్టాలి, జూన్ చివరి వారంలో కాదు. పరుపులు మూడు నాలుగు రోజులు మేడ మీద ఎండబెట్టండి. వీలుంటే ఇనుప మంచాలకు మారండి, బయటి పరుపులు తేనివ్వకండి. మీ ఊరి ఉప్పునీళ్లకు గీజర్ల లోపల గార కట్టి ఉంటుంది, అదీ అప్పుడే విప్పించి తీయించండి. తిరిగి తెరిచే వారం ముందు ప్రతి బాత్రూములో కుళాయి కాసేపు వదలండి. రెండు నెలలు నీళ్లు పారని గొట్టాల్లోంచి వాసన వస్తుంది. కూతుర్ని దింపడానికి వచ్చిన తల్లి తలుపు తీయగానే ముందు ఆ వాసనే పట్టేస్తుంది.